ఆరుగురిలో ఇద్దరు ఒకేసారి మానేశారు. మిగిలిన నలుగురితో డ్యూటీ చార్ట్ ఎలా వేయాలి?

కొత్తషాపు
షాపు తీసుకుని మూడు నెలలైంది. ఉన్న స్టాఫ్‌తో సహా తీసుకున్నాను కాబట్టి ఇన్నాళ్లూ డ్యూటీ చార్ట్ జోలికి పోలేదు, పాతదే నడుస్తోంది. నిన్న ఇద్దరు ఒకేసారి మానేస్తున్నామన్నారు. శనివారం ఆఖరి రోజు. సోమవారం నుంచి కొత్త చార్ట్ కావాలి.

వివరాలు ఇవీ. షాపు ఉదయం 10 నుంచి రాత్రి 9 దాకా, వారమంతా. తెరవడానికి అరగంట ముందు ఒకరు రావాలి, మూసేశాక క్యాష్ లెక్కకి ఇంకో అరగంట. అంటే 9:30 నుంచి 9:30. మిగిలేది ముగ్గురు ఫుల్‌టైమ్, ఒక పార్ట్‌టైమ్. పేర్లు ఎందుకులెండి, అ, ఇ, ఉ, ఎ అనుకుందాం. ఫుల్‌టైమ్ వాళ్లకి వారానికి ఆరు రోజులు, రోజుకి 8 గంటల పని, మధ్యలో గంట భోజన విరామం. ఎ చదువుకుంటూ సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రాలు నాలుగేసి గంటలు చేస్తాడు.

అ అన్నీ చేస్తుంది, క్లోజింగ్‌తో సహా. ఇ కి బిల్లింగ్ వచ్చు, క్లోజింగ్ రాదు. ఉ స్టాక్ మనిషి, బిల్లింగ్ రాదు. ఎ బిల్లింగ్ చేస్తాడు. మానేసిన ఇద్దరిలో ఒకరు క్లోజింగ్ చేసేవారు. ఇప్పుడు క్లోజింగ్ తెలిసింది అ కీ నాకూ మాత్రమే. మంగళ, శుక్రవారాల్లో స్టాక్ వస్తుంది, సర్దడానికి ఒక మనిషికి మూడు గంటల పని.

కాగితం మీద పేర్లు రాస్తూ చెరిపేస్తూ రాత్రి ఒంటి గంటైంది. ఒక రోజు సరిచేస్తే ఇంకో రోజు కూలుతోంది.

సూటిమాట
దీనికింత ఆలోచనెందుకు? ఇద్దరు పోయారు, ఇద్దర్ని పెట్టుకోండి. వాళ్లొచ్చేదాకా ముగ్గురినీ రోజుకి రెండు గంటలు ఎక్కువ చేయమనండి. ముగ్గురు, ఆరు రోజులు, రెండేసి గంటలు: 36 గంటలు చేతికొస్తాయి.

సందేహాలపుట్ట
ముందు వాళ్లు నోటీసు ఇవ్వకుండా ఎలా పోతారండీ? జీతం ఆపే హక్కు ఉందా లేదా అన్నది తేల్చుకోండి. చార్ట్ సంగతి తర్వాత.

కొత్తషాపు
నోటీసు ఇచ్చే వెళ్తున్నారండీ, ఒప్పందంలో ఉన్నది వారమే. ఆ గొడవ లేదు. సోమవారం పొద్దున షట్టర్ ఎవరు ఎత్తుతారన్నదే నా ప్రశ్న.

పాతకౌంటర్
మీరు పేర్ల దగ్గర మొదలుపెట్టారు, అందుకే కూలుతోంది. పేర్లు ఆఖర్న రాయాలి. ముందు ఏ గంటలో ఎంతమంది కావాలో రాయండి. తర్వాత షిఫ్టులు ఏ వేళల్లో మొదలై ఏ వేళకి ముగియాలో చూడాలి. వీక్లీ ఆఫ్‌లు ఆ తర్వాత. ఇవన్నీ కుదిరాక పేర్లు పెట్టడం పది నిమిషాల పని.

మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో గంటలవారీ రిపోర్ట్ ఉంటుంది. గడిచిన నాలుగు వారాలది తీయండి. అమ్మకం మొత్తం చూడొద్దు, బిల్లుల సంఖ్య చూడండి. పెద్ద బిల్లు ఒక్కటైనా, చిన్న బిల్లు ఒక్కటైనా కౌంటర్ దగ్గర మనిషి కావాలి కదా. తర్వాత ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఓ పది బిల్లులకి ఎంత సేపు పడుతోందో కొలవండి. ఈ రెండూ ఇక్కడ పెట్టండి, మిగతాది చూద్దాం.

కొత్తషాపు
తీశాను. వారం మధ్యలో 9:30-10:30 మధ్య సగటున 3 బిల్లులు, అవీ 10 దాటాకే. మధ్యాహ్నమంతా గంటకి 10, 12. సాయంత్రం 5:30 నుంచి పెరిగి 6:30-7:30కి 31 దాకా పోతోంది, 8:30 తర్వాత మళ్లీ 9. శని, ఆదివారాలు వేరు: 12:30 నుంచి 7:30 దాకా తెరిపి లేదు. బిల్లుకి సగటున నిమిషంన్నర.

పాతకౌంటర్
బాగుంది. 31 బిల్లులకి నిమిషంన్నర చొప్పున 46 నిమిషాలు. అంటే ఆ గంటలో కౌంటర్ మనిషి తల ఎత్తలేడు. ఒకరు కౌంటర్, ఒకరు ఫ్లోర్, ఇద్దరి మధ్యా అందుకునే మూడో మనిషి. రద్దీలో ముగ్గురు కావాలి. మధ్యాహ్నం 12 బిల్లులంటే 18 నిమిషాలే, ఇద్దరు చాలు. పొద్దున మొదటి గంటకి ఒక్కరు చాలు.

ఇప్పుడు కూడండి. రోజూ మొదటి గంట ఒకరు, మిగతా 11 గంటలు ఇద్దరు: 23 మనిషి గంటలు. ఏడు రోజులకి 161. మామూలు రోజుల సాయంత్రం 5:30-8:30 మూడో మనిషి: ఐదు రోజులకి 15. శని, ఆదివారాల్లో ఏడేసి గంటలు: 14. స్టాక్‌కి 6. మొత్తం 196.

ఉన్నది ఎంత? ముగ్గురు 48 చొప్పున 144, ఎ 20, కలిపి 164. లోటు 32.

ఇంకోటి గమనించండి. ఆ ఇద్దరూ ఉన్నప్పుడు మీ దగ్గర 260 గంటలుండేవి. అవసరం 196. వారానికి 64 గంటలు మిగులుతుండేవి కాబట్టి పాత చార్ట్ ఎలా వేసినా నడిచింది. అది చూసి నేర్చుకోవడానికి అందులో ఏమీ లేదు.

సూటిమాట
లోటు 32, నేను చెప్పింది 36. సరిపోయింది కదా!

మేనేజరమ్మ
కూడితే సరిపోయింది, షాపులో సరిపోదు. ఆ రెండు గంటలు ఎక్కడ కలుపుతారు? 9:30కి వచ్చిన మనిషి 6:30కి బదులు 8:30కి వెళ్తుంది. విరామంతో కలిపి 11 గంటలు షాపులోనే. అలా ఆరు రోజులు. రోజుకీ వారానికీ పని గంటల పరిమితి, ఓవర్‌టైమ్ రేటు చట్టంలో ఉంటాయి, మీ దగ్గర అవెంతో ముందు చూసుకోండి. ఒకటి రెండు రోజులంటే ఎవరైనా సర్దుకుంటారు. వారాల తరబడి అంటే మూడో రాజీనామా కాగితం చేతికొస్తుంది, అది అ నుంచి వస్తే మీకు క్లోజింగ్ మనిషే ఉండదు.

అలాగే ఇద్దరు పోయారు కాబట్టి ఇద్దరు రావాలన్నదీ కుదరదు. లోటు 32. దానికి సెలవులు కలపండి. ప్రతి మనిషీ పన్నెండు పని రోజుల్లో ఒక రోజు ఏదో కారణంతో రాడనుకుంటే 196లో సుమారు 16 గంటలు. 32కి 16 కలిపితే 48. సరిగ్గా ఒక ఫుల్‌టైమ్ మనిషి.

సూటిమాట
పన్నెండులో ఒకటి అన్నది మీ అంచనా. పదిలో ఒకటైతే?

మేనేజరమ్మ
అప్పుడు 20 గంటలు, నాలుగు గంటలు తగ్గుతాయి. ఆ నాలుగూ ఓనర్ నిలబడొచ్చు. మీ షాపు హాజరు పుస్తకం ఉంటే అంచనా అక్కర్లేదు, ఆరు నెలలది లెక్కపెట్టుకోండి.

కొత్తషాపు
సరే, ప్రస్తుతానికి ఆ 32 నేనే నిలబడతాను. చార్ట్ వేశాను. ఉదయం షిఫ్టు 9:30-6:30 ఇద్దరు, సాయంత్రం షిఫ్టు 12:30-9:30 ఇద్దరు. ఎప్పుడు చూసినా ఇద్దరుంటారు. కానీ రోజుకి నలుగురు కావాలి, ఏడు రోజులకి 28 షిఫ్టులు. నా ముగ్గురి దగ్గర ఉన్నవి 18. ఎక్కడ తప్పింది?

పాతకౌంటర్
ఇదే అందరూ పడే గుంట. 12:30 నుంచి 6:30 దాకా మీ షాపులో నలుగురుంటారు, బిల్లులు చూస్తే అందులో చాలా గంటలకి కావలసింది ఇద్దరు. గంటలు ఉన్నాయి కానీ తప్పు చోట కుప్పపడ్డాయి. రెండు షిఫ్టులూ జంటలు జంటలుగా వేయడం వల్ల వచ్చిన తంటా ఇది.

ఒక ఓపెనింగ్, ఒక క్లోజింగ్, మధ్యలో ఒక మిడిల్ షిఫ్టు పెట్టండి. ఓపెనింగ్ 9:30-6:30. మిడిల్ 10:30-7:30. క్లోజింగ్ 12:30-9:30. ముగ్గురూ ఉన్న రోజు విరామాలు వరసగా పెట్టండి: ఓపెనింగ్ మనిషికి 1:30, మిడిల్‌కి 2:30, క్లోజింగ్‌కి 3:30. ఒకరు తింటుంటే ఇద్దరు ఫ్లోర్ మీద ఉంటారు. విరామం వేళలు చార్ట్ మీదే రాయాలి. "ఖాళీ చూసుకుని వెళ్లండి" అన్నారంటే ఇద్దరూ రెండింటికే వెళ్తారు.

ఇక వీక్లీ ఆఫ్‌లు. ముగ్గురికి మూడు రోజులు. శని, ఆదివారాలు రద్దీ, మంగళ, శుక్రవారాలు స్టాక్. మిగిలింది సోమ, బుధ, గురు. ఆ మూడు రోజులూ ఇద్దరే ఉంటారు, మిగతా నాలుగు రోజులూ ముగ్గురుంటారు.

చిల్లరకొట్టు_అక్క
మాది ఇద్దరితో నడిచే చిన్న కొట్టు అండీ, నేనూ ఒక అమ్మాయీ. మాకూ ఈ మూడు షిఫ్టులు పనికొస్తాయా? ఆ అమ్మాయి ఆఫ్ రోజున నేను పన్నెండు గంటలూ ఉండాల్సి వస్తోంది.

పాతకౌంటర్
ఇద్దరితో మూడు షిఫ్టులు రావు అక్కా. మీకు చార్ట్ కన్నా పని వేళలు తగ్గించుకోవడమే దారి. బిల్లులు చూసి ఆఫ్ రోజున మధ్యాహ్నం రెండు గంటలు మూసేయొచ్చేమో. అది వేరే చర్చగా పెట్టండి, ఇందులో కలిస్తే ఈయన లెక్క చెదురుతుంది.

లెక్కలపిచ్చి
కాగితం వదిలేసి స్ప్రెడ్‌షీట్‌లోకి రండి, ఎక్కడ తక్కువైందో అదే చూపిస్తుంది. ఒక్కో రోజుకి ఒక షీటు. A లో పేరు, B లో వచ్చే వేళ, C లో వెళ్లే వేళ, D లో విరామం మొదలు, E లో విరామం ముగింపు. మొదటి వరసలో G నుంచి 10:00, 11:00 అలా 21:00 దాకా. G2 లో ఇది పెట్టి పక్కకి లాగండి:

```
=COUNTIFS($B$2:$B$8,"<="&G$1,$C$2:$C$8,">"&G$1)-COUNTIFS($D$2:$D$8,"<="&G$1,$E$2:$E$8,">"&G$1)
```

ఆ వేళకి ఫ్లోర్ మీద ఎంతమందో వస్తుంది. కింద వరసలో కావలసిన సంఖ్య రాసి, తక్కువైతే ఎర్రగా మారేలా పెట్టుకోండి.

రెండు జాగ్రత్తలు. పరీక్ష వేళలు 10:30, 11:30 అని పెట్టొద్దు. షిఫ్టులు మారేది సరిగ్గా అక్కడే, వేళని షీటు దశాంశాల్లో దాచుకుంటుంది కాబట్టి అంచున ఒక్కోసారి తప్పు లెక్క వస్తుంది. గంట మధ్యలో పెడితే ఆ బాధ లేదు, మీ షిఫ్టులన్నీ అరగంట దగ్గర మారతాయి కాబట్టి నిండు గంటలు సరిపోతాయి. రెండోది, ఎక్కడ చూసినా సున్నా వస్తోందంటే మీరు కొట్టిన వేళలు అక్షరాలుగా పడ్డాయని అర్థం. గడిలో ఎడమవైపు అతుక్కుని ఉంటే అదే రోగం. 9.30 అని చుక్క పెట్టినా తేడా వస్తుంది, 9:30 అనే కొట్టాలి.

ఆఫ్‌లో ఉన్న మనిషి వరస ఖాళీగా వదిలేయండి, అది లెక్కలోకి రాదు.

కొత్తషాపు
పెట్టాను, పనిచేస్తోంది. మంగళవారం దాదాపు పచ్చగా ఉంది. ఎ 5:30కి వస్తాడు కదా, 7:30-8:30 మధ్య ఒక్కటే ఎరుపు. అక్కడ నేను నిలబడతాను. కానీ స్టాక్ పొద్దున 10కి వస్తుంది. అప్పుడు ఉండేది ఒక్కరే.

పాతకౌంటర్
స్టాక్ 12:30కి తెమ్మని సప్లయర్‌కి చెప్పండి. మూడు గంటల పనీ ఒకేసారి చేయాలని రూలేం లేదు. 12:30-1:30 విరామాలు ఇంకా మొదలవలేదు, ముగ్గురున్నారు, కావలసింది ఇద్దరు. ఆ గంటలో పెట్టెలు దించుకుని ఇన్‌వాయిస్‌తో సరిచూసుకోండి. 4:30-5:30 విరామాలు అయిపోయాయి, మళ్లీ ముగ్గురు: షెల్ఫులు నింపడం. 5:30-6:30కి ఎ తో కలిపి నలుగురు, కావలసింది ముగ్గురు: మిగిలింది నింపి ఖాళీ పెట్టెలు తీసేయడం. మూడు గంటలూ వచ్చేశాయి.

మధ్యలో 1:30 నుంచి 4:30 దాకా పెట్టెలు ఎక్కడ పెడతారో ముందే చూసుకోండి, నడిచే దారిలో వదిలేస్తే ఎవరో ఒకరు తట్టుకుని పడతారు. ఇంకోటి, సరిచూసిన మనిషే షెల్ఫు నింపాలి. చేతులు మారితే తగ్గిన వస్తువు ఎవరి లెక్కలో తగ్గిందో తేలదు.

కొత్తషాపు
సప్లయర్ ఒప్పుకున్నాడు. ఇక సోమవారం దగ్గర ఆగిపోయాను. ఇద్దరే ఉన్న రోజు. నా వేళలు ఇలా వస్తున్నాయి: 10:30-12:30, 1:30-2:30, 3:30-4:30, 6:30-8:30. పని ఆరు గంటలే, కానీ పొద్దున్నుంచి రాత్రి దాకా కదలడానికి లేదు.

పాతకౌంటర్
ఆ మూడు రోజులకి విరామాలు మార్చండి. ఓపెనింగ్ మనిషికి విరామం 12:30కి. అప్పటికి మీరు అక్కడే ఉన్నారు, క్లోజింగ్ మనిషి వచ్చేసింది. మీరు 10:30 నుంచి 1:30 దాకా ఉండి ఇంటికి వెళ్లొచ్చు. క్లోజింగ్ మనిషి విరామం 4:30కి. ఆ మూడు రోజులు ఎ ని 5:30కి బదులు 4:30కి రమ్మని, 8:30కి పంపేయండి. అతని నాలుగు గంటలు మారవు. విరామం గంటలో ఓపెనింగ్ మనిషీ ఎ ఉంటారు. మీరు మళ్లీ 6:30కి వచ్చి 9:30 దాకా.

ముక్కలు నాలుగు కాస్తా రెండయ్యాయి. మధ్యలో ఐదు గంటలు మీవి. కొత్త మనిషి కోసం ఇంటర్వ్యూలు అప్పుడే పెట్టుకోండి, కౌంటర్‌లో నిలబడి ఇంటర్వ్యూ చేస్తే రెండూ చెడతాయి.

మేనేజరమ్మ
ఓపెనింగ్ మనిషి 1:30 నుంచి 6:30 దాకా ఏకధాటిగా ఐదు గంటలు నిలబడుతోంది, చూశారా? ఏకబిగిన ఎన్ని గంటలు చేయించొచ్చో కూడా చాలాచోట్ల పరిమితి ఉంటుంది, ఐదు అంటే అంచున ఉన్నట్టే. క్లోజింగ్ మనిషి 4:30కి విరామానికి వెళ్లకముందు, 4 గంటలకి ఓ పది నిమిషాలు ఈమెని కూర్చోమనండి. అది కూడా చార్ట్‌లో రాయండి.

పాతకౌంటర్
నిజమే, అది నాకు తట్టలేదు. రాయండి.

కొత్తషాపు
పేర్లు పెట్టాను. ఇ కి సోమవారం, ఉ కి బుధవారం, అ కి గురువారం ఆఫ్. సోమవారం ఉ ఓపెనింగ్, అ క్లోజింగ్. బుధవారం ఇ ఓపెనింగ్, అ క్లోజింగ్. గురువారం ఇ ఓపెనింగ్, ఉ క్లోజింగ్, ఆ రోజు లెక్క నేను చూసుకుంటాను. షీటంతా పచ్చగా ఉంది.

మేనేజరమ్మ
షీటు తలలు లెక్కపెడుతుంది, చేతనైన పని లెక్కపెట్టదు. సోమవారం 9:30 నుంచి 10:30 దాకా ఉ ఒక్కరే ఉంటారు. బిల్లింగ్ రాదన్నారు. 10:05కి మొదటి కస్టమర్ వస్తే?

కొత్తషాపు
అయ్యో.

మేనేజరమ్మ
సోమవారం తిరగేయండి. అ ఓపెనింగ్, ఉ క్లోజింగ్. 12:30కి అ విరామంలో ఉంటే మీరు బిల్లింగ్ చేస్తారు. 4:30కి ఉ విరామం, అ, ఎ ఉంటారు. 8:30 తర్వాత ఉ, మీరు. ఎక్కడా బిల్లింగ్ మనిషి లేకుండా పోలేదు, లెక్క మీరు మూస్తారు. బుధ, గురు సరిగ్గానే ఉన్నాయి. మంగళ, శుక్రవారాల్లో ఇ ఓపెనింగ్, ఉ మిడిల్, అ క్లోజింగ్. స్టాక్ మనిషి మిడిల్‌లో ఉంటే 12:30 లోడ్ అతని చేతికే వస్తుంది. ఆ రెండు రోజులూ అ ఉంటుంది కాబట్టి మీరు 8:30కి వెళ్లిపోవచ్చు.

షీటులో పేరు పక్కన ఇంకో గడి పెట్టి, బిల్లింగ్ వస్తే 1, రాకపోతే 0 రాయండి. దాని మీద కూడా అదే లెక్క వేస్తే ఇలాంటివి ముందే దొరుకుతాయి.

లెక్కలపిచ్చి
వేళలూ విరామాలూ అలాగే ఉంచి F లో 1, 0 పెట్టండి. రెండు COUNTIFS లోనూ చివర ,$F$2:$F$8,1 అని కలపండి చాలు. ఆ వరసలో సున్నా ఎక్కడా రాకూడదు.

సూటిమాట
ఇంత గొడవ పడే బదులు ఉ కి బిల్లింగ్ నేర్పించేయొచ్చుగా?

పాతకౌంటర్
ఈ మాట మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం. బుధవారం అతనికి ఆఫ్, శని, ఆదివారాలు రద్దీ, మిగతా రోజుల్లో మధ్యాహ్నం 2:30 తర్వాత బిల్లులు తక్కువ, అప్పుడు నేర్పాలి. సాయంత్రం రద్దీలో నేర్పితే క్యూ పెరుగుతుంది, అతనికి భయం పట్టుకుంటుంది. మామూలు బిల్లు ఒక రోజులో వస్తుంది. వాపసులు, తప్పుగా కొట్టిన బిల్లు రద్దు చేయడం, కార్డు మెషీన్ మధ్యలో ఆగిపోతే డబ్బు పడిందో లేదో చూడటం, ఇవి వచ్చేదాకా ఒక్కడిని వదలొద్దు.

అంతకన్నా ముందు ఇ కి క్లోజింగ్ నేర్పాలి. ఇప్పుడు అ కి జ్వరం వస్తే ఏడు రాత్రులూ మీరే. అ క్లోజింగ్ చేస్తుంటే పక్కన నిలబడి చూడటం రెండు రాత్రులు, ఇ చేస్తుంటే అ చూడటం మూడు రాత్రులు. డ్రాయర్‌లో నగదు లెక్క, కార్డు మెషీన్ సెటిల్‌మెంట్, సాఫ్ట్‌వేర్‌లో డే క్లోజ్, ఈ వరస మారకూడదు. డే క్లోజ్ కొట్టేశాక నగదులో తేడా కనబడితే ఆ రోజు బిల్లు సరిచేయడం కష్టమవుతుంది.

కొత్తషాపు
శని, ఆదివారాలు ఇలా వేశాను. శనివారం అ ఓపెనింగ్, ఉ మిడిల్, ఇ క్లోజింగ్. ఆదివారం ఇ ఓపెనింగ్, ఉ మిడిల్, అ క్లోజింగ్. నేను రెండు రోజులూ 1:30 నుంచి 9:30 దాకా, 4:30కి గంట విరామం. ఆదివారం ఇ 6:30కే వెళ్లిపోతుంది, సోమవారం ఆఫ్ కలిసొస్తుంది.

నా గంటలు కూడితే సోమ, బుధ, గురు ఆరేసి, మంగళ, శుక్ర ఒక్కోటి, శని, ఆది ఏడేసి. మొత్తం 34. లోటు 32 అన్నారు కదా, రెండు ఎక్కువొచ్చాయి.

పాతకౌంటర్
శని, ఆదివారాల్లో 5:30-6:30 మధ్య మీతో కలిపి నలుగురున్నారు, కావలసింది ముగ్గురు. ఆ రెండు గంటలూ అవే. వదిలేయండి, అంత బిగించి వేసిన చార్ట్ ఒక్క బస్సు ఆలస్యమైతే తెగిపోతుంది.

మేనేజరమ్మ
చూడాల్సింది ఇంకోటుంది. శుక్రవారం రాత్రి 9:30కి మూసిన అ, శనివారం 9:30కి తెరుస్తుంది. శనివారం మూసిన ఇ ఆదివారం తెరుస్తుంది. ఆదివారం మూసిన అ సోమవారం తెరుస్తుంది. మధ్యలో పన్నెండు గంటలు ఉన్నాయి కాబట్టి ఇప్పటికి ఫర్వాలేదు. కానీ లెక్క కుదరక 10:30 దాకా కూర్చుంటే అది పదకొండు అవుతుంది, ప్రయాణం తీసేస్తే నిద్రకి మిగిలేది తక్కువ. అలాంటి రాత్రి తర్వాత పొద్దున షట్టర్ మీరు ఎత్తండి. వారానికి మూడుసార్లు ఇలా పడటం నాకైతే నచ్చలేదు, కొత్త మనిషి వచ్చాక ముందు విప్పాల్సిన ముడి ఇదే.

సందేహాలపుట్ట
ఓనర్‌కి ఒక్క రోజు కూడా ఆఫ్ లేదు, ఎవరూ అనరేం? రాత్రి 8:30కే మూసేస్తే పోదా? లేదంటే పొద్దున 10:30కి తెరవండి.

పాతకౌంటర్
ఆ రెండూ ఒకటి కావు. పొద్దున అరగంట తగ్గిస్తే వారానికి మిగిలేది మూడున్నర గంటలు, అప్పుడు ఒక్కరే ఉంటారు కాబట్టి. రాత్రి అరగంట తగ్గిస్తే 7, ఇద్దరుంటారు కాబట్టి. బిల్లులు చూస్తే పొద్దున 3, రాత్రి 9. అంటే 7 గంటలు మిగుల్చుకోవడానికి మూడింతల బిల్లులు వదులుకుంటున్నారు. నాకైతే పొద్దున తగ్గించడమే మేలనిపిస్తుంది.

మేనేజరమ్మ
నేను రాత్రి వైపే ఉంటాను. పొద్దున అరగంట తీసేసినా ఆ ఓపెనింగ్ మనిషి ఎనిమిది గంటలూ చేయాల్సిందే, షిఫ్టు పక్కకి జరుగుతుందంతే, ఓనర్‌కి దొరికేది ఏమీ ఉండదు. రాత్రి తీసేస్తే సోమ, గురువారాల్లో ఆయన అరగంట ముందే ఇంటికెళ్తారు.

పాతకౌంటర్
పక్కకి జరిగితే ఓపెనింగ్ మనిషి 7 దాకా ఉంటుంది కదా, సాయంత్రం ఆయన 6:30కి బదులు 7కి వస్తే చాలు. దొరికేది అక్కడ. ఇది బిల్లుల మీద వదిలేద్దాం, ఆ తొమ్మిది బిల్లులు ఎంతెంతవో చూసి ఆయనే తేల్చుకోవాలి.

సూటిమాట
ఎవరైనా ఉన్నట్టుండి రాకపోతే?

పాతకౌంటర్
అప్పటికప్పుడు ఆలోచించకుండా, ముందు ఏది వదిలేయాలో వరస రాసిపెట్టుకోండి. మొదట వదలాల్సింది స్టాక్ సర్దడం, పెట్టెలు రేపటికి ఆగుతాయి. తర్వాత సాయంత్రం మూడో మనిషి. ఆ తర్వాత పొద్దున మొదటి గంట, "ఈ రోజు 10:30కి" అని బోర్డు పెట్టేయడం. ఎప్పటికీ వదలకూడనిది రాత్రి క్లోజింగ్‌లో రెండో మనిషి. నగదు లెక్కపెడుతూ ఒక్కరే ఉండకూడదు, అది ఓనరైనా సరే.

ఆఫ్‌లో ఉన్నవాళ్లకి ఫోన్ చేయడం ఆఖరి దారి. చేస్తే, ఆ వారంలోనే మారు ఆఫ్ ఏ రోజో అదే ఫోన్‌లో చెప్పండి. "తర్వాత చూద్దాం" అన్నది ఎవరూ మర్చిపోరు.

లెక్కలపిచ్చి
చార్ట్ గ్రూపులో పెట్టేటప్పుడు పైన తేదీ, "3వ మార్పు" అని పెద్దగా రాయండి. ఫోటో పెడితే పాతదీ కొత్తదీ రెండూ గ్రూపులో ఉంటాయి, ఎవరో ఒకరు పాతది తెరిచి రారు. కౌంటర్ వెనక గోడకి అంటించిందే అసలుది అని చెప్పండి. ఇద్దరు డ్యూటీలు మార్చుకుంటే గోడ మీద దిద్ది ఇద్దరూ సంతకం పెట్టాలి, అప్పుడే మార్పు.

మేనేజరమ్మ
అంటించే ముందు నలుగురికీ విడివిడిగా చూపించండి. ముఖ్యంగా ఎ కి. వేళలు 4:30కి జరిపారు, అతని క్లాసు ఎప్పుడు అయిపోతుందో అడిగారా? శనివారం వెళ్లేవాళ్ల దగ్గర తాళాలు తీసుకోవడం, వాళ్ల బిల్లింగ్ లాగిన్ ఆపేయడం కూడా ఆ రాత్రే.

కొత్తషాపు
తాళాలు రాసుకున్నాను. ఎ ని ఇప్పుడే అడిగాను. సోమ, బుధవారాల్లో 4:30కి రాగలడట, గురువారం మాత్రం ల్యాబ్ ఉంది, 5:30కి ముందు కుదరదట. అంటే గురువారం 4:30కి ఉ విరామానికి వెళ్తే ఇ ఒక్కతే.

పాతకౌంటర్
గురువారం ఉ విరామం 3:30కి మార్చి, మీరు ఆ ఒక్క గంట వచ్చి నిలబడండి. ఆ రోజు ఎ 5:30-9:30 చేస్తాడు. 8:30 తర్వాత ఫ్లోర్ మీద అతనూ ఉ ఉంటారు, కాబట్టి మీరు కావలిస్తే 8:30 నుంచే నగదు లెక్క మొదలుపెట్టి 9:30 కాగానే బయటపడొచ్చు. ఇ కూర్చునే పది నిమిషాలు ఉ తిరిగొచ్చాక, 4:30కి జరపండి. షీటులో మార్చి చూడండి, ఎరుపు ఎక్కడైనా వస్తే ఇక్కడ పెట్టండి.

కొత్తషాపు
మార్చాను. ఎరుపు లేదు, బిల్లింగ్ వరసలో సున్నా లేదు. నాకు గురువారం మూడు ముక్కలైంది, గంట పెరిగి వారానికి 35. రేపు పొద్దున ప్రింట్ తీసి ముగ్గురికీ చూపిస్తాను. అ ఏమంటుందో అన్నదే కొంచెం గుబులు, ఆ మూడుసార్లు రాత్రి మూసి పొద్దున తెరవడం గురించి.